జపమాలకు సొంతంగా ఒక పంక్తి రాసుకోవాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండలో మా భజన మండలికి వచ్చేవాళ్లు, ఫోన్‌లో వాయిస్ మెసేజ్ పెట్టేవాళ్లు అవే సందేహాలు మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఇక్కడ చెప్పేదంతా ఒకే రకం రచన గురించి. ఒక్క పూసకు ఒక్క పంక్తి, అదే పంక్తి నూటెనిమిది సార్లు. వేగం పెరగకూడదు, గొంతు బిగుసుకోకూడదు. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## రాయడానికి ముందు

సొంత మాటలతో జపం చేస్తే తప్పు కాదా? మంత్రమే ఉండాలి కదా?

గురువు ఉపదేశించిన మంత్రం ఉంటే దాన్ని అలాగే ఉంచండి. అందులో అక్షరం కలపడం, తీయడం, దీర్ఘం సాగదీయడం మన పని కాదు. బీజాక్షరాలు తెచ్చి సొంత పంక్తిలో అతికించడం కూడా వద్దు. కానీ దేవుణ్ణి పేరు పెట్టి పిలవడానికి ఎవరి ఉపదేశమూ అక్కర్లేదు. "కొమురెల్లి మల్లన్నా" అని మన పెద్దవాళ్లు కూర్చున్నా లేచినా అనుకునేవారు. మీరు రాసుకునేది ఆ జాతి మాట. దాన్ని నామం అనండి, పిలుపు అనండి. మంత్రం అని మాత్రం పేరు పెట్టకండి.

సంస్కృతంలో రాస్తే బరువుగా ఉంటుందేమో? తెలుగులో తేలిపోదా?

తెలుగు మాటలు దాదాపు అన్నీ అచ్చుతో ముగుస్తాయి. తల్లీ, అయ్యా, స్వామీ అన్నప్పుడు చివర నోరు తెరుచుకునే ఉంటుంది కాబట్టి ఊపిరి మెల్లగా బయటికి జారుతుంది. సంస్కృత పదం చాలాచోట్ల సున్నతోనో విసర్గతోనో ముగుస్తుంది. "శరణమ్" అన్నాక పెదాలు మూసుకుంటాయి, "నమః" అన్నాక ఊపిరి ఒక్కసారి తోసినట్టు వస్తుంది. ఒకటి రెండు సార్లయితే తేడా తెలియదు. డెబ్బయ్యో పూస దగ్గర తెలుస్తుంది. కొత్తగా రాసేవాళ్లకు అచ్చతెలుగు సంబోధనే తేలిక. ఇంట్లో రోజూ వినే మాట కావడంతో నాలుక కూడా తడబడదు.

బతుకమ్మ పాట వరసలో రాసుకుంటే కుదరదా? అది మాకు నోటికి వచ్చు.

ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా నాకు సంతోషమే, ఎందుకంటే అడిగినవాళ్లకు లయ అప్పటికే ఒంట్లో ఉందన్నమాట. కానీ మాలకు ఆ వరస కుదరదు. కారణం పాటలో లేదు, పాడే తీరులో ఉంది. వెయ్యి స్తంభాల గుడి దగ్గర ఎంగిలిపూల బతుకమ్మ రోజు ఒకసారి గమనించండి. ఒకామె చరణం అందుకుంటుంది, చుట్టూ ఉన్నవాళ్లు "ఉయ్యాలో" అంటారు. ఆ "ఉయ్యాలో" పలికేంత సేపట్లో ముందు పాడిన ఆమె ఊపిరి పీల్చుకుంటుంది. పైగా చప్పట్లు, అడుగులు ఉంటాయి, ఒళ్లు కదులుతుంటుంది.

మాల పట్టుకుని ఒంటరిగా కూర్చుంటే "ఉయ్యాలో" అనేవాళ్లు ఎవరూ లేరు. పిలుపూ మీదే, పలుకూ మీదే. ఊపిరికి చోటు దొరక్క పంక్తి మీద పంక్తి ఎక్కుతుంది, పది నిమిషాలకే ఆయాసం వస్తుంది. అందుకే మాల పంక్తిలో ఊపిరి పీల్చే ఖాళీని రాసేటప్పుడే లెక్కలో పెట్టుకోవాలి.

## మాటలు ఎంచుకునేటప్పుడు

పంక్తిలో కోరిక పెట్టొచ్చా? "రక్షించు", "కాపాడు" లాంటివి?

పెట్టొద్దని నా అభిప్రాయం. దీనికి రెండు కారణాలు. "రక్షించు" అని ఒకసారి అంటే వేడుకోలు, నూటెనిమిది సార్లు అంటే మనసులో ఆపద బొమ్మ నూటెనిమిది సార్లు కదులుతుంది. టెన్షన్ తగ్గించుకుందామని కూర్చున్నవాళ్లకు అదే టెన్షన్ అవుతుంది. రెండోది చప్పుడుకు సంబంధించింది. ఇలాంటి మాటలు ఎక్కువగా "చు", "డు", "ము" లాంటి పొట్టి అక్షరంతో ముగుస్తాయి. అక్కడ ఊపిరి తెగుతుంది. పిలుపు అయితే దీర్ఘంతో ముగుస్తుంది. కోరిక ఉంటే మాల మొదలుపెట్టే ముందు ఒకసారి మామూలు మాటల్లో చెప్పుకోండి. తర్వాత పిలుపు ఒక్కటే చాలు.

ఒత్తులు ఉంటే ఏమవుతుంది?

అన్ని ఒత్తులూ ఒకటి కావు. "తల్లి", "అమ్మ", "అయ్య" లాంటి మాటల్లో అదే హల్లు రెట్టిస్తుంది. నాలుక గానీ పెదవి గానీ అదే చోట కాస్త ఎక్కువసేపు ఆగుతుంది, అంతే. అవి మెత్తగా ఉంటాయి, పంక్తికి నిలకడ కూడా ఇస్తాయి. "రక్ష", "సర్వ", "లక్ష్మి" లాంటి వాటిలో నాలుక ఒక చోటి నుంచి ఇంకో చోటికి గెంతాలి. వేగం పెరిగిందంటే ముందు నలిగేది అవే. "లక్ష్మి" కాస్తా "లచ్చి" అయిపోతుంది.

పెదాలు కదులుతూ శబ్దం పక్కవాళ్లకు వినపడకుండా చేసే ఉపాంశు జపం అలవాటున్నవాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి. శ, ష, స ఎక్కువైతే గుసగుసలో బుస వినపడుతుంది. ఒక పంక్తిలో ఒకటి చాలు.

ప్రాస తప్పదా?

తప్పదని లేదు. రెండు సగాల చివర ఒకేలాంటి చప్పుడు ఉంటే గుర్తుండడానికి తేలిక, అంతవరకే. ప్రాస కోసం అర్థం లేని మాట తెచ్చిపెడితే అది రోజూ గుచ్చుకుంటుంది.

రెండు పంక్తులు రాసుకుని ఒకటి మార్చి ఒకటి అనుకోవచ్చా?

నూటెనిమిది సరిసంఖ్య కాబట్టి లెక్క కుదురుతుంది. మనసే కుదరదు. ఒక్క క్షణం ధ్యాస తప్పిందా, "ఇప్పుడు మొదటిదా, రెండోదా?" అనే వెతుకులాట మొదలవుతుంది. వేళ్లు పూసను గుర్తుపెట్టుకుంటాయి గానీ పంక్తిని గుర్తుపెట్టుకోవు. ఒక్కటే రాసుకోండి.

## లయ కుదుర్చుకునేటప్పుడు

మాత్రలు ఎట్లా లెక్కపెట్టాలి? నాకు ఛందస్సు రాదు.

దీనికి కావలసినంత ఛందస్సు అయిదు నిమిషాల్లో వస్తుంది. పొట్టి అక్షరానికి ఒక మాత్ర. దీర్ఘం ఉన్న అక్షరానికి రెండు. సున్న గానీ విసర్గ గానీ ఉన్నదానికి రెండు. ఒత్తు ఉన్న అక్షరానికి ముందున్న అక్షరం పొట్టిదైనా దానికి రెండు. చాలామంది తప్పేది ఈ చివరి సూత్రం దగ్గరే. "తల్లి"లో రెండు మాత్రలు వచ్చేది "ల్లి"కి కాదు, "త"కు. అంటే "తల్లి" మొత్తం మూడు మాత్రలు, "తల్లీ" అయితే నాలుగు.

చేత్తో తొడ మీద మెల్లగా తడుతూ, ఒక్కో తట్టుకు ఒక్కో మాత్ర చొప్పున పంక్తిని చదవండి. కాగితం మీద లెక్క, చేతి లెక్క ఒక్కటైతే మీకు వచ్చేసినట్టే.

ఎన్ని మాత్రలు ఉంటే ప్రశాంతంగా సాగుతుంది?

పదహారు. ఎనిమిది, ఎనిమిదిగా రెండు సగాలు. తర్వాత ఊపిరి పీల్చుకునే ఖాళీ. పదహారు మాత్రలు చాలామందికి ఒక్క నిశ్వాసంలో హాయిగా పడతాయి. పెద్ద వయసువాళ్లకు కూడా చివర ఇంకొంచెం ఊపిరి మిగులుతుంది. ఆ మిగలడం ముఖ్యం. పూర్తిగా ఖాళీ అయ్యేదాకా పలికితే తర్వాతి శ్వాస గుటకలా పడుతుంది.

పంక్తి పలకడానికి సుమారు అయిదు సెకన్లు, పీల్చుకోవడానికి నాలుగు అనుకోండి. పూసకు తొమ్మిది సెకన్లు, మాలకు పదహారు నిమిషాల పైచిలుకు. అంటే నిమిషానికి ఆరేడు శ్వాసలు. 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక అధ్యయనం వచ్చింది. అందులో 23 మంది ఆరోగ్యవంతుల చేత లాటిన్ జపమాల ప్రార్థన, ఒక మంత్రం వేర్వేరుగా చదివించి చూశారు. రెండింటికీ శ్వాస నిమిషానికి సుమారు ఆరుకు దిగింది. భాషలు వేరు, మతాలు వేరు, పంక్తి పొడవు మాత్రం ఒక ఊపిరికి సరిపోయేదే.

అయిదు మాత్రల నడక, ఏడు మాత్రల నడక పాటకు అందంగా ఉంటాయి. మాలకు మాత్రం అవి కుదురుగా ఉండవు. ఒక విరుపు ముగిసేలోపే తర్వాతిది లాగుతుంటుంది.

"ఓం నమః శివాయ" లెక్క చూస్తే సమంగా లేదు కదా? మరి అది ఎట్లా నిలకడగా ఉంది?

రెండు, ఒకటి, రెండు, ఒకటి, రెండు, ఒకటి. మొత్తం తొమ్మిది మాత్రలు. కాగితం మీద బేసి లెక్కే. కానీ పలికేటప్పుడు "ఓం" సాగుతుంది, చివరి "య" తర్వాత ఖాళీ వస్తుంది. ఆ రెండూ కలిసి దాన్ని నిలబెడతాయి. ఎక్కడ సాగదీయాలో తరతరాలుగా విని నేర్చుకున్నాం. మీరు నిన్న రాసిన పంక్తికి ఆ వినికిడి లేదు. కాబట్టి దాని నిలకడ అక్షరాల్లోనే ఉండాలి.

ఒక పంక్తి మొదటి నుంచి చివరి దాకా ఎట్లా తయారవుతుందో చూపించండి.

మా మండలిలో ఒకామె భద్రకాళి అమ్మవారి మీద రాసుకున్న పంక్తి ఇది:

*శ్రీ భద్రకాళీ మాతా రక్షించు మమ్మల్ని సర్వదా*

లెక్కపెడితే ఇరవై ఎనిమిది మాత్రలు. ఒక్క ఊపిరిలో పడదు, "రక్షించు" తర్వాత దొంగతనంగా ఊపిరి పీల్చాల్సి వస్తోంది. పైగా శ్రీ, ద్ర, క్ష, ర్వ అన్నీ నాలుకను గెంతించేవే. అసలు ఆమె చెప్పదలచుకున్నది ఏమిటని అడిగాను. "అమ్మ చల్లగా ఉంటుంది వదినా, చెరువుగట్టు మీద కూర్చుంటే అట్లనే అనిపిస్తది" అంది. అయితే ఆ మాటే రాయమన్నాను. రెండోసారి ఇలా వచ్చింది:

*భద్రకాళి మా చల్లని తల్లీ*

భ-ద్ర-కా-ళి-మా: రెండు, ఒకటి, రెండు, ఒకటి, రెండు. మొత్తం ఎనిమిది. చ-ల్ల-ని-త-ల్లీ: రెండు, ఒకటి, ఒకటి, రెండు, రెండు. ఇదీ ఎనిమిదే. లెక్క సరిగ్గా పదహారు. మాట కూడా ఇంపుగా ఉంది. అయినా సగం మాల తిరిగేసరికి భుజాలు ఊగడం మొదలైంది, వేగం పెరిగింది. ఎందుకంటే మొత్తం సమానమే గానీ లోపలి విరుపు వేరు. మొదటి సగం "భద్ర, కాళి, మా" అని మూడు, మూడు, రెండుగా విరుగుతుంది. రెండో సగం "చల్లని, తల్లీ" అని నాలుగు, నాలుగు. మూడు మూడు రెండు అనేది కాలు కదిలించే నడక. జాతరలో నడిచేటప్పుడు అది కావాలి, పద్మాసనంలో కాదు.

రెండు సగాలూ నాలుగు నాలుగుగా విరగాలంటే మొదటి సగం మార్చాలి:

*అమ్మా కాళీ, చల్లని తల్లీ*

నాలుగు, నాలుగు, నాలుగు, నాలుగు. "పేరు మొత్తం లేకుంటే ఎట్లా వదినా?" అని ఆమె బాధపడింది. ఆ బాధ న్యాయమైనదే. అందుకే మాల మొదలయ్యే ముందు, నూటెనిమిదికి అదనంగా ఉండే గురుపూస దగ్గర, "భద్రకాళీ" అని పూర్తి పేరు ఒక్కసారి తీరిగ్గా పలకాలని ఒప్పందం చేసుకున్నాం.

ఇక మిగిలింది అతుకు. పంక్తి చివర "తల్లీ", మళ్లీ మొదట "అమ్మా". ఈ రెండు అచ్చుల మధ్య తెలుగు నాలుక ఊరుకోదు, "య" తెచ్చి కలిపేస్తుంది. "తల్లీయమ్మా కాళీ" అని పంక్తి చివర పంక్తి మొదటికి అంటుకుపోయింది. ఊపిరి పీల్చే ఖాళీ కాస్తా మాయమైంది. మందు చాలా చిన్నది. సగాలను తారుమారు చేశాం:

*చల్లని తల్లీ, అమ్మా కాళీ*

ఇప్పుడు ఆ "య" పంక్తి మధ్యలోకి వచ్చింది. అక్కడ అది మేలే చేస్తుంది, రెండు సగాలనూ ఒకే ఊపిరిలో కలిపి నడిపిస్తుంది. చివరి "కాళీ"కి, మొదటి "చల్లని"కి మధ్య "చ" అనే హల్లు గుమ్మంలా నిలబడింది. నాలుక అక్కడ ఒక్క క్షణం ఆగి కొత్తగా మొదలుపెట్టక తప్పదు. ఆమె ఇప్పటికీ ఇదే పంక్తి చేస్తోంది.

అన్నీ దీర్ఘాలే పెడితే ఇంకా ప్రశాంతంగా ఉంటుందా?

నిద్ర వస్తుంది. "అమ్మా కాళీ రావే నీవే" అని చూడండి, ఎనిమిది అక్షరాలూ రెండేసి మాత్రలవే. పట్టుకోవడానికి ఏమీ లేక మనసు జారిపోతుంది. "చల్లని"లో లాగా రెండు పొట్టి అక్షరాలు ఒకచోట పక్కపక్కన ఉంటే చిన్న కదలిక వస్తుంది, ఆ కదలిక మెలకువ ఇస్తుంది. అది మొదటి సగంలో ఉండడం మంచిది. చివరి సగం నిండుగా, నెమ్మదిగా ఉండాలి.

రాగం పెట్టుకోవచ్చా?

రెండు మూడు స్వరాలకు మించకుండా పెట్టుకోండి. పంక్తి చివర స్వరం కిందికి దిగాలి, లేదా అక్కడే ఉండాలి. చివర పైకి లేస్తే ప్రశ్న అడిగినట్టవుతుంది. దానికి జవాబుగా తర్వాతి పంక్తి తొందరపడి వస్తుంది. సినిమా బాణీ మాత్రం వద్దు. పదో పూస దగ్గర దాని అసలు మాటలు గుర్తుకొస్తాయి.

## మాల చేతబట్టాక

పూసను ఎప్పుడు జరపాలి? పంక్తి మొదట్లోనా, చివరా?

ఊపిరి పీల్చుకునేటప్పుడు. పంక్తి పూర్తయింది, పెదాలు ఆగాయి, శ్వాస లోపలికి వస్తోంది, అప్పుడు బొటనవేలు పూసను తనవైపు లాగాలి. మాల మధ్యవేలి మీద ఉంటుంది, చూపుడువేలు తగలనివ్వరు. పలుకుతూ పూస జరిపితే వేలి వేగం నోటికి అంటుకుంటుంది. ఖాళీలో జరిపితే ఆ ఖాళీకి ఒక పని దొరికి అది కుంచించుకుపోకుండా ఉంటుంది.

గురుపూస వచ్చాక దాన్ని దాటరు. మాల తిప్పి వెనక్కి మొదలుపెడతారు. ఆ తిప్పేటప్పుడు ఒక పూర్తి శ్వాస తీసుకుని ఊరుకోండి.

సగం మాల అయ్యేసరికి స్పీడ్ పెరిగిపోతోంది. మనసు నిలవకపోవడం వల్లనా?

అందరూ మనసునే తిడతారు. ముందు పంక్తిని అనుమానించండి. వేగం పంక్తి లోపల పెరగదు. ముగింపు నుంచి మళ్లీ మొదటికి వచ్చే అతుకు దగ్గర పెరుగుతుంది. "మరా మరా" అంటూ ఉంటే "రామ రామ" అయిన వాల్మీకి కథ మనందరికీ తెలుసు. పంక్తుల మధ్య ఖాళీ లేకపోతే మాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెవికి తెలియదని ఆ కథలోనే ఉంది. ఆయనకు అది వరమైంది. మన పంక్తి అలా కలిసిపోతే గొలుసుకట్టుగా పరుగెత్తుతుంది.

అతుకు సరిగా ఉందో లేదో ఇలా చూడండి. ఇరవై ఏడు పూసల చిన్న మాల తీసుకుని నాలుగు చుట్లు తిప్పండి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి ప్రతి చుట్టుకూ ఒకసారి నొక్కండి. పూసకు తొమ్మిది సెకన్ల చొప్పున అయితే చుట్టు సుమారు నాలుగు నిమిషాలు. నాలుగో చుట్టు మొదటి దానికంటే పది, పదిహేను సెకన్లు తగ్గితే ఫర్వాలేదు. నిమిషం తగ్గిందంటే అతుకు కారుతోంది. పంక్తి చివరి అక్షరం దీర్ఘమా, మొదటి అక్షరం హల్లుతో మొదలవుతోందా అని చూడండి. ఈ రెండూ సరిచేస్తే చాలావరకు ఆగుతుంది.

చాలాసేపు అనుకున్నాక మాటకు అర్థం పోయి ఉత్త చప్పుడులా వినపడుతోంది. పంక్తి బాగాలేదా?

ఏ మాటనైనా ఆపకుండా అంటూ ఉంటే అలాగే అవుతుంది. "కుండ కుండ కుండ" అని రెండు నిమిషాలు అని చూడండి. అది చెవి, మెదడు చేసే పని, పంక్తి తప్పు కాదు. గురుపూస దగ్గర ఆగి ఊపిరి తీసుకుంటే అర్థం తిరిగి వస్తుంది. అయితే ఆ చప్పుడులో ఇంకో మాట, ముఖ్యంగా నవ్వొచ్చేదో అశుభమైనదో వినపడడం మొదలైతే పంక్తి మార్చండి. ఒకసారి విన్నాక చెవి దాన్ని వదలదు.

తల తిరిగినట్టు ఉంటే?

ఆపండి, మామూలుగా శ్వాస తీసుకోండి. ఊపిరిని బిగబట్టడం ఈ పద్ధతిలో ఎక్కడా లేదు. ఆస్తమా ఉన్నవాళ్లు, ఆయాసం ఉన్నవాళ్లు పదహారు మాత్రల పంక్తిని ఎనిమిది, ఎనిమిదిగా రెండు ఊపిరుల్లో అనుకోవచ్చు. కామా పెట్టిన చోట పీల్చుకుంటే సరి.

## నలుగురితో కలిసి చేసేటప్పుడు

మండలిలో అందరం కలిసి అంటే ఒకరు ముందు, ఒకరు వెనక అవుతున్నాం. తాళం వేస్తే నయమా?

తాళాలు, డోలక్ తీసి పక్కన పెట్టండి. తాళం మోగితే చెయ్యి వేగం పెంచుతుంది, అందరూ దాని వెంట పోతారు. భజనకు అది కావాలి గానీ మాలకు వద్దు. దాని బదులు అందరిలో ఊపిరి తక్కువ ఉన్న పెద్దమ్మనో, పెద్దాయననో చూసుకోండి. వాళ్లు హాయిగా పీల్చుకునేంత ఖాళీ పంక్తికి పంక్తికి మధ్య వదలాలి. ఒకరు మొదటి మాటను కాస్త గట్టిగా అందుకుంటే చాలు, మిగతావాళ్లు రెండో మాట నుంచి కలుస్తారు. మా దగ్గర "చల్లని" అన్నది ఒక్కరే, "తల్లీ" నుంచి అందరూ.

పంక్తి ఇంకా బాగు చేద్దామనిపిస్తే ఎప్పుడు మార్చాలి?

మాల చేతిలో ఉన్నప్పుడు మార్చొద్దు. మధ్యలో మెరుగైన మాట తట్టినా పాతదే పూర్తి చేసి, తర్వాత కాగితం మీద రాసి, మాత్రలు లెక్కపెట్టి, అతుకు దగ్గర పది సార్లు పలికి చూడండి. కొత్తది నచ్చితే మరుసటి రోజు దానితో మొదలుపెట్టండి. పాత పంక్తి నోట్లోకి దూరుతుంటే కొన్నాళ్లు ఇరవై ఏడు పూసల మాలతోనే చేయండి, నాలుక కొత్త పంక్తికి అలవాటు పడ్డాక నూటెనిమిదికి వెళ్లండి.